షంట్‌కు నాలుగు తీగలు ఎలా కలపాలి: తీగల నిరోధం కొలతలోకి రాకుండా కరెంటు కొలవడం

షంట్ అంటే తీగ మధ్యలో పెట్టే అతి చిన్న నిరోధం, దాని మీద పడే మిల్లీవోల్టులను బట్టి కరెంటు లెక్కకడతారు. ఇన్వర్టర్ బ్యాటరీకి దాన్ని పెట్టుకున్నవారి నుంచి తరచుగా ఒకే ప్రశ్న వస్తోంది: "క్లాంప్ మీటరు 40 ఆంపియర్లు చూపుతున్నప్పుడు నా షంట్ మీటరు 46 చూపుతోంది, షంట్ చెడిపోయిందా?" చాలా సందర్భాల్లో షంట్ బాగానే ఉంటుంది. మిల్లీవోల్టులు ఏ రెండు బిందువుల మధ్య తీసుకున్నారన్న దగ్గరే తప్పు జరుగుతుంది. ఈ మార్గదర్శిలో 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ, దానికి కలిపిన ఇంటి ఇన్వర్టర్, 100 ఆంపియర్లు 75 మిల్లీవోల్టుల షంట్ అనే ఒక్క ఉదాహరణనే తీసుకుని, నాలుగు తీగల కలయికను మొదటి నుంచి చివరి వరకు చేసి చూపుతున్నాను.

## 1. పని మొదలుపెట్టే ముందు చేయవలసిన లెక్క

షంట్ మీద రాసి ఉన్న రెండు అంకెలను భాగిస్తే దాని నిరోధం వస్తుంది. 75 మిల్లీవోల్టులను 100 ఆంపియర్లతో భాగిస్తే 0.75 మిల్లీఓములు. 40 ఆంపియర్లు పారినప్పుడు దాని మీద సరిగ్గా 30 మిల్లీవోల్టులు కనబడాలి.

ఇప్పుడు తీగ సంగతి చూద్దాం. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 10 సెంటీమీటర్ల ముక్కకు సుమారు 0.107 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు లాగే తీగల లెక్కలో ఇది లెక్కలోకే రాదు. కానీ ఇక్కడ మనం కొలుస్తున్న వస్తువే 0.75 మిల్లీఓములు. మీటరు తీగను షంట్ స్క్రూకు కాకుండా కేబుల్ మీద 10 సెంటీమీటర్ల అవతల కలిపితే, ఆ ముక్క కూడా షంట్‌లో భాగమైపోతుంది. 40 ఆంపియర్ల దగ్గర అది 4.3 మిల్లీవోల్టులు అదనంగా కలుపుతుంది. మీటరు 30కి బదులు 34.3 మిల్లీవోల్టులు చూసి, 45.7 ఆంపియర్లని చెబుతుంది. పైన చెప్పిన ప్రశ్నకు జవాబు చాలా సార్లు ఈ 10 సెంటీమీటర్లే.

బజారులో దొరికే మామూలు షంట్ 0.5 తరగతిది, అంటే దాని నిరోధంలో తేడా అర శాతానికి మించదు. అర శాతం అంటే ఇక్కడ 0.00375 మిల్లీఓములు. ఆ కేబుల్ ముక్క అంతకు దాదాపు 29 రెట్ల తప్పును తెస్తోంది. రెండు గంటలు కరెంటు పోయి బ్యాటరీ నుంచి 80 ఆంపియర్ అవర్లు ఖర్చయితే, ఆ మీటరు 91 అని లెక్క రాస్తుంది.

"ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో ఒక గుణకంతో సరిచేస్తే పోదా?" అని అడిగేవారున్నారు. పోదు. షంట్‌లోని మాంగనిన్ లోహం వేడికి దాదాపు మారదు గానీ, రాగి నిరోధం ఒక్కో డిగ్రీకి సుమారు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సరిచేసిన ఆ కొలత, కేబుల్ 60 డిగ్రీలకు వేడెక్కేసరికి మళ్లీ 2 శాతం తప్పుతుంది. పైగా బోల్టు అతుకు నిరోధం బిగింపును బట్టి, మురికిని బట్టి మారుతూ ఉంటుంది. అందువల్ల ఆ నిరోధాన్ని కొలతలోకి రానివ్వకుండా చేయడమే దారి.

## 2. నాలుగు తీగలంటే ఏమిటి

రెండు లావు తీగలు కరెంటును షంట్‌లోకి తెచ్చి, బయటికి తీసుకుపోతాయి. రెండు సన్న తీగలు షంట్ మీద పడిన వోల్టేజిని మాత్రమే మీటరుకు చేరవేస్తాయి. ఈ సన్న తీగలను సెన్స్ తీగలు అంటారు. ఈ అమరికకే కెల్విన్ కలయిక అని పేరు.

సెన్స్ తీగలకూ నిరోధం ఉంటుంది కదా, అది తప్పు తేదా అన్న సందేహం సహజం. నిరోధం ఉన్నంత మాత్రాన వోల్టేజి పడిపోదు, దానిలో కరెంటు పారాలి. డిజిటల్ మల్టీమీటరు లోపలి నిరోధం సాధారణంగా 1 కోటి ఓములు ఉంటుంది. సెన్స్ తీగలు రెండూ కలిపి ఒక ఓము ఉన్నా, కొలతలో వచ్చే తేడా కోటిలో ఒక వంతు. అందుకే షంట్ నుంచి మీటరు దాకా తీగ మూడు మీటర్లున్నా ఫర్వాలేదు, కానీ ఆ తీగ మొదలయ్యే చోటు మాత్రం షంట్ మీది చిన్న స్క్రూయే కావాలి.

మొత్తం పద్ధతి ఒక షరతు మీద నిలబడి ఉంది: సెన్స్ తీగల్లో కరెంటు పారకూడదు. తర్వాత చెప్పబోయే తప్పుల్లో సగం, నాలుగు తీగలు కనబడుతున్నా ఈ షరతు చెడిపోయినవే.

## 3. షంట్‌ను ఎంచుకోవడం, చదవడం

రెండు చివర్లా ఇత్తడి దిమ్మలు, వాటి మధ్య మాంగనిన్ పలకలు లేదా కడ్డీలు ఉంటాయి. ఒక్కో దిమ్మకు ఒక పెద్ద బోల్టు, దానికన్నా లోపలి వైపున, అంటే పలకలకు దగ్గరగా, ఒక చిన్న స్క్రూ ఉంటాయి. పెద్ద బోల్టు కరెంటుకు, చిన్న స్క్రూ సెన్స్ తీగకు. తయారీలో షంట్ విలువను సరిచేసేది ఆ రెండు చిన్న స్క్రూల మధ్యే. అచ్చమైన 0.75 మిల్లీఓములు దొరికేది అక్కడ మాత్రమే.

కొన్ని షంట్ల పలకల అంచున ఆకురాయితోనో రంపంతోనో పెట్టిన గాటు కనిపిస్తుంది. దాన్ని చూసి పాత సరుకు అంటగట్టారని అనుకోవద్దు. విలువను సరిగ్గా తెచ్చేందుకు కర్మాగారంలో పెట్టిన గాటు అది. దాన్ని మనం నునుపు చేయకూడదు, పలకను వంచకూడదు.

షంట్ మీద రాసిన పూర్తి కరెంటులో మూడింట రెండు వంతులకు మించి ఎక్కువసేపు నడపకపోవడం మంచి అలవాటు. మన 100 ఆంపియర్ల షంట్‌కు అది సుమారు 66 ఆంపియర్లు. ఇంట్లో 400 వాట్ల లోడుకు బ్యాటరీ నుంచి సుమారు 40 ఆంపియర్లు లాగుతారు కాబట్టి ఇది సరిపోతుంది. అప్పుడు షంట్‌లో 1.2 వాట్ల వేడి మాత్రమే పుడుతుంది. అదే పూర్తి 100 ఆంపియర్ల దగ్గర 7.5 వాట్లు పుడుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. షంట్ కొన్న వెంటనే మల్టీమీటరును ఓముల స్థానంలో పెట్టి దాన్ని కొలవడానికి ప్రయత్నించకండి. మల్టీమీటరు తీగలకే 0.1 నుంచి 0.3 ఓముల నిరోధం ఉంటుంది, అంటే షంట్‌కు వంద రెట్లకు పైగా. తెర మీద కనబడేది మీ మీటరు తీగల నిరోధం, షంట్‌ది కాదు.

## 4. సిద్ధం చేసుకోవలసినవి

- 100 ఆంపియర్లు 75 మిల్లీవోల్టుల షంట్, కింద బిగించడానికి బేకలైట్ లేదా అలాంటి, కరెంటు పారనివ్వని పలక
- 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, దానికి సరిపోయే రాగి లగ్గులు, వాటిని నొక్కే క్రింపింగ్ పనిముట్టు
- సెన్స్ తీగలకు 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, రెండు రంగుల్లో, చిన్న రింగు లగ్గులతో
- 0.5 ఆంపియర్ ఫ్యూజులు రెండు, తీగ మధ్యలో పెట్టుకునే హోల్డర్లతో
- మిల్లీవోల్టుల స్థానంలో 0.01 మిల్లీవోల్టు దాకా చూపే మల్టీమీటరు. 0.1 మిల్లీవోల్టు మాత్రమే చూపే మీటరైతే ఒక్కో అంకెకు 0.13 ఆంపియర్లు తేడా వస్తుంది
- పరీక్షకు ఇంకొక మల్టీమీటరు, 12 వోల్టుల కారు హెడ్‌లైట్ బల్బు
- సన్న ఎమరీ కాగితం, శుభ్రమైన గుడ్డ, స్పానర్లు

స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి, వేలి ఉంగరాలు, చేతి గడియారం తీసి పక్కన పెట్టండి. 12 వోల్టులు షాకు కొట్టవు గానీ, బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య స్పానర్ పడితే అది ఎర్రగా కాలుతుంది. ముందు ఇన్వర్టర్ ఆపి, గోడ ప్లగ్గు తీసి, సోలార్ ఉంటే ముందు పలకల కనెక్షన్ విడదీసి, ఆ తర్వాతే బ్యాటరీ నెగటివ్ లగ్ తీయండి.

## 5. లావు తీగలు బిగించే క్రమం

ఎనిమిదో భాగంలోని మొదటి పరీక్షను దీనికి ముందే చేయాలి. షంట్‌ను నెగటివ్ తీగలో పెడుతున్నాం. నెగటివ్ వైపు ఉంటే సెన్స్ తీగ పొరపాటున చట్రానికి తగిలినా ప్రమాదం తక్కువ.

1. షంట్‌ను బేకలైట్ పలక మీద బిగించండి. మాంగనిన్ పలకలు నిలువుగా ఉండి, వాటి మధ్య నుంచి గాలి పైకి పోయేలా అమరిక ఉండాలి. మూసిన డబ్బాలో పెట్టవద్దు.

2. బోల్టు కూర్చునే ఇత్తడి ముఖాన్ని, లగ్ అడుగు ముఖాన్ని ఎమరీ కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్ది, గుడ్డతో తుడవండి. మాంగనిన్ పలకలకు కాగితం తగలనివ్వకండి.

3. లగ్ నేరుగా ఇత్తడి ముఖం మీద కూర్చోవాలి. దాని పైన సాదా వాషర్, ఆ పైన స్ప్రింగ్ వాషర్, చివర నట్టు. చాలామంది ముందు వాషర్ వేసి, దాని మీద లగ్ పెడతారు. అప్పుడు కరెంటు మొత్తం సన్నటి ఇనుప వాషర్ గుండా పోవలసి వచ్చి ఆ అతుకు వేడెక్కుతుంది. నాలుగు తీగల కలయిక ఆ అతుకు నిరోధాన్ని కొలతలోంచి తప్పిస్తుంది గానీ, ఆ వేడిని తప్పించలేదు. వేడి ఒక చివరే పుడితే వచ్చే చిక్కును తొమ్మిదో భాగంలో చెబుతాను.

4. బ్యాటరీ నెగటివ్ నుంచి వచ్చే కేబుల్ ఒక్కటే షంట్ ఒక చివరకు రావాలి. ఇన్వర్టర్ నెగటివ్, సోలార్ ఛార్జ్ కంట్రోలర్ నెగటివ్, ఇంకేవైనా ఉంటే వాటి నెగటివ్‌లు అన్నీ షంట్ రెండో చివరకు రావాలి. ఒక్క తీగ నేరుగా బ్యాటరీకి పోయినా, ఆ కరెంటు షంట్‌ను తప్పించుకుంటుంది.

5. లగ్గులు బిగించాక కేబుల్‌ను చేత్తో పట్టి మెల్లగా కదిపి చూడండి. లగ్ తిరిగితే బిగింపు చాలలేదు. బిగించేటప్పుడు బరువంతా ఇత్తడి దిమ్మ మీదే పడాలి, పలకలు మెలి తిరగకూడదు. కేబుల్ బరువు షంట్ మీద వేలాడకుండా దగ్గర్లోనే క్లిప్పు వేయండి.

## 6. సెన్స్ తీగలు కలిపే క్రమం

సెన్స్ తీగ చివర రింగు లగ్ నొక్కి, చిన్న స్క్రూ కింద పెట్టి బిగించండి. ఈ స్క్రూకు ఇంకే తీగా రాకూడదు. మీటరుకు సరఫరా ఇచ్చే నెగటివ్ తీగను కూడా "దగ్గరగా ఉంది కదా" అని దీని కింద పెట్టేవారున్నారు. ఆ తీగలో కరెంటు పారుతుంది కాబట్టి, దాని చోటు పెద్ద బోల్టు దగ్గర.

రెండు తీగల్లోనూ షంట్‌కు దగ్గరగా ఒక్కో ఫ్యూజు పెట్టండి. సన్న తీగ ఎక్కడైనా నలిగి పాజిటివ్‌కు తగిలితే బ్యాటరీ దాన్ని క్షణంలో కాల్చేస్తుంది. ఫ్యూజు నిరోధం ఒక ఓములోపే కాబట్టి, ఎక్కువ నిరోధం గల మీటరుకు దానివల్ల తేడా రాదు. అయినా రెండు వైపులా ఒకే రకం ఫ్యూజు వాడాలి. ఎందుకో తర్వాతి భాగంలో తెలుస్తుంది.

ఆ తర్వాత రెండు తీగలను జడలా మెలిపెట్టి మీటరు దాకా తీసుకుపోండి. 50 హెర్ట్జ్ ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి నిలకడైన కరెంటు లాగదు. ఆ కరెంటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. సెన్స్ తీగలు విడివిడిగా, లావు కేబుల్ పక్కన పొడవుగా సాగితే, మధ్యలో ఏర్పడిన వలయంలోకి ఆ అలజడి చేరి అంకెలు ఎగిరిపడతాయి. మెలిపెట్టిన జత, లావు కేబుల్‌కు అడ్డంగా దూరంగా పోతే ఆ బెడద చాలా తగ్గుతుంది.

## 7. మీటరు వైపు చూసుకోవలసినవి

చేతి మల్టీమీటరుకు బ్యాటరీ తన లోపలే ఉంటుంది, బయటి సర్క్యూట్ నేలతో, అంటే గ్రౌండ్‌తో, సంబంధం ఉండదు. కాబట్టి రెండు సెన్స్ తీగలను మిల్లీవోల్టుల స్థానంలో కలిపి, వచ్చిన అంకెను 0.75తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. మొదటి కొలత ఎప్పుడూ దీనితోనే చేయండి. తర్వాత ఏ బోర్డు పెట్టినా, అది తప్పితే పోల్చుకోవడానికి నమ్మదగిన అంకె ఒకటి చేతిలో ఉంటుంది.

మైక్రోకంట్రోలర్ బోర్డులతో రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది, బోర్డు ఇన్‌పుట్ ఒక తీగతో, నేల ఆధారంగా కొలిచేదైతే, రెండో సెన్స్ తీగ పనిని బోర్డు నేల తీగ చేస్తుంది. ఆ నేల తీగ ఇన్వర్టర్ చట్రం నుంచి వచ్చిందనుకుందాం. అప్పుడు షంట్‌తో పాటు ఇన్వర్టర్ దాకా ఉన్న కేబుల్ అంతా కొలతలోకి వచ్చేస్తుంది. చూడ్డానికి నాలుగు తీగలే, పనిలో మూడే. రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను కొలిచే చిప్ వాడటమే దీనికి విరుగుడు.

రెండోది ఇంతకన్నా ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది. ఐఎన్‌ఏ226 అనే చిప్‌తో వచ్చే చిన్న మాడ్యూళ్ల మీద చాలావాటికి R100 అని ముద్రించిన ఒక నిరోధం ముందే టంకం వేసి ఉంటుంది. అది 0.1 ఓము. బయటి షంట్ సెన్స్ తీగలను ఆ మాడ్యూల్‌కు అలాగే కలిపితే, షంట్ మీది వోల్టేజి ఆ నిరోధం గుండా కరెంటును తోస్తుంది. అంటే సెన్స్ తీగల్లో కరెంటు పారుతోంది, మూల షరతు చెడిపోయింది.

ఎంత చెడుతుందో లెక్క చూడండి. 0.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఒక మీటరుకు సుమారు 34.4 మిల్లీఓములు, రానూ పోనూ 68.8. దానికి R100 నిరోధం 100 మిల్లీఓములు కలిపితే 168.8. షంట్ మీద 30 మిల్లీవోల్టులుంటే, చిప్ ముందు మిగిలేది దానిలో 168.8కి 100 వంతు, అంటే 17.8 మిల్లీవోల్టులే. నిజంగా 40 ఆంపియర్లు పారుతుంటే తెర మీద 23.7 కనబడుతుంది. ఫ్యూజులు కూడా ఉంటే వాటి నిరోధం తోడై ఇంకా తక్కువ చూపుతుంది. విరుగుడు ఒక్కటే: బయటి షంట్ వాడేటప్పుడు R100ను టంకం కరిగించి తీసేయాలి.

ఐఎన్‌ఏ226 ఇన్‌పుట్‌లు దాని నేలతో పోలిస్తే 0 నుంచి 36 వోల్టుల మధ్య ఉండాలి. నెగటివ్ తీగలో షంట్ ఉంటే, ఛార్జింగ్ సమయంలోనో వాడకం సమయంలోనో ఒక ఇన్‌పుట్ సున్నా కన్నా కొన్ని మిల్లీవోల్టులు కిందికి పోతుంది. అందువల్ల ఈ చిప్‌తో, 12 వోల్టుల బ్యాటరీ విషయంలో, షంట్‌ను పాజిటివ్ తీగలో, పెద్ద ఫ్యూజు తర్వాత పెట్టడమే నాకు సబబనిపిస్తుంది. అప్పుడు సెన్స్ ఫ్యూజులు తప్పనిసరి. ఈ చిప్ ఇన్‌పుట్‌లు సుమారు 10 మైక్రోఆంపియర్లు లాగుతాయి. రెండు తీగల్లోనూ ఒకే ఫ్యూజు, ఒకే పొడవు ఉంటే ఆ పడిపోయే వోల్టేజి రెండు వైపులా సమానమై రద్దవుతుంది.

చిప్ షంట్ వోల్టేజి రిజిస్టర్‌లో ఒక్కో మెట్టు 2.5 మైక్రోవోల్టులు. లెక్క ఇంతే:

```
int16_t raw = readReg(0x01);
float amps = raw * 0.0000025 / 0.00075;
```

ఒక మెట్టు 3.3 మిల్లీఆంపియర్లకు సమానం. సగటు తీసే సంఖ్యను 128గా పెట్టండి. ఒక్కో కొలతకు 1.1 మిల్లీసెకన్లు పడితే, ఆ సగటు ఇన్వర్టర్ అలజడిలోని ఎన్నో చక్రాలను కప్పుతుంది, అంకె నిలకడగా నిలుస్తుంది.

## 8. కరెంటు పారించి పరీక్షించడం

మొదటి పరీక్ష: విలువ సరిగ్గా ఉందా. ఇది షంట్‌ను ఇంకా బ్యాటరీ కేబుల్‌లో బిగించకముందే, బల్ల మీద చేయవలసినది. ఫ్యూజు ఉన్న తీగతో బ్యాటరీ, హెడ్‌లైట్ బల్బు, 10 ఆంపియర్ల స్థానంలో ఉన్న ఒక మల్టీమీటరు, షంట్‌లను వరుసగా కలపండి. రెండో మల్టీమీటరును చిన్న స్క్రూల మీద పెట్టండి. బల్బు వెలిగి కొన్ని సెకన్లు నిలకడపడ్డాక రెండు అంకెలనూ ఒకేసారి రాసుకోండి. మొదటిది 4.60 ఆంపియర్లు చూపితే, రెండోది 3.45 మిల్లీవోల్టులు చూపాలి. తేడా 0.02 లోపు ఉంటే ఈ మీటర్లతో అంతకన్నా నిగ్గు తేల్చలేం. పని అయ్యాక 10 ఆంపియర్ల రంధ్రంలోని తీగను వెంటనే వోల్టుల రంధ్రానికి మార్చండి. మరచిపోయి అదే తీగతో బ్యాటరీ వోల్టేజి చూడబోతే అది నేరుగా షార్టు.

రెండో పరీక్ష: సున్నా సరిగ్గా ఉందా. అమరిక పూర్తయ్యాక, లోడు నడుస్తుండగానే ఒక సెన్స్ తీగను విప్పి, రెండో సెన్స్ తీగ ఉన్న స్క్రూకే తాకించండి. ఇప్పుడు రెండూ ఒకే బిందువు మీద ఉన్నాయి కాబట్టి మీటరు సున్నా చూపాలి. చూపకపోతే, ఆ మిగిలిన అంకె మీటరుదో, తీగల్లోకి చేరిన అలజడిదో. షంట్‌తో దానికి సంబంధం లేదు.

మూడో పరీక్ష: కొలత ఎక్కడ మొదలవుతోంది. ఇది అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది. 100 వాట్ల ఫిలమెంట్ బల్బులు నాలుగు పెట్టి నిలకడైన లోడు తయారు చేయండి. ఇస్త్రీపెట్టె పెట్టవద్దు, దాని థర్మోస్టాట్ మధ్యలో ఆపేస్తుంది. ఇప్పుడు మల్టీమీటరు మొనలను ఒక్కో జత చోట ఆనించి అంకె రాసుకోండి:

1. రెండు చిన్న స్క్రూల మీద
2. రెండు పెద్ద బోల్టుల తలల మీద
3. రెండు లగ్గుల గొట్టాల మీద

మొదటి చోట 30.0 వచ్చిందనుకుందాం. రెండో చోట కొంచెం పెరుగుతుంది, మూడో చోట ఇంకొంచెం. లగ్గుల దగ్గర 34 వస్తే, రెండు అతుకులూ కలిసి 4 మిల్లీవోల్టులు తింటున్నాయి, అంటే 40 ఆంపియర్లకు 0.1 మిల్లీఓము. ఇప్పుడు ఒక్కో అతుకునూ విడిగా, బోల్టు పక్కనున్న ఇత్తడి నుంచి అదే వైపు లగ్ గొట్టానికి కొలవండి. ఒక వైపు 0.5, ఇంకో వైపు 3.5 వస్తే, ఆ 3.5 వచ్చిన బోల్టు విప్పి ముఖం శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. ఇలా నాలుగు తీగల అమరిక, కరెంటును కొలవడమే కాక చెడ్డ అతుకును పట్టించే సాధనం కూడా అవుతుంది.

క్లాంప్ మీటరుతో పోల్చేవారు రెండు సంగతులు చూసుకోవాలి. అది డీసీ కొలిచేదై ఉండాలి, ముందు సున్నా నొక్కాలి. మామూలు క్లాంప్‌ల కచ్చితత్వం 2 శాతం చుట్టూ ఉంటుంది కాబట్టి, అది 0.5 తరగతి షంట్‌కు తీర్పు చెప్పజాలదు. పెద్ద తప్పు ఉందో లేదో చెప్పడానికి మాత్రమే పనికొస్తుంది.

## 9. లక్షణాన్ని బట్టి తప్పు పట్టడం

ఎప్పుడూ ఒకే శాతం ఎక్కువ చూపుతోంది. సెన్స్ తీగ పెద్ద బోల్టు మీదో, కేబుల్ మీదో ఉంది. చిన్న స్క్రూకు మార్చండి.

మొదట సరిగ్గా ఉండి, వేడెక్కేకొద్దీ పెరుగుతోంది. కొలతలో రాగి గానీ, అతుకు గానీ కలిసింది. కారణం, సవరణ పైదే.

ఎప్పుడూ బాగా తక్కువ చూపుతోంది. ముందు స్క్రూల దగ్గర, తర్వాత మాడ్యూల్ ఇన్‌పుట్ దగ్గర మిల్లీవోల్టులు కొలవండి. స్క్రూల దగ్గర 30, మాడ్యూల్ దగ్గర 17.8 ఉంటే సెన్స్ తీగల్లో కరెంటు పారుతోంది, R100 ఉందో లేదో చూడండి. రెండు చోట్లా ఒకేలా తక్కువ ఉంటే, ఏదో నెగటివ్ తీగ షంట్‌ను దాటి నేరుగా బ్యాటరీకి పోతోంది.

ముల్లు ఉన్న పాత మీటరు కొద్దిగా తక్కువ చూపుతోంది. 75 మిల్లీవోల్టుల ముల్లు మీటరు కదలడానికే కొన్ని మిల్లీఆంపియర్లు కావాలి. దాని నిరోధం 15 ఓములనుకుంటే, 0.1 ఓము సెన్స్ తీగలు 0.66 శాతం తగ్గిస్తాయి. నాలుగు తీగల పద్ధతి పూర్తిగా కాపాడలేని చోటు ఇది. అలాంటి మీటరుతో ఇచ్చిన తీగలు దాని లెక్కలో భాగం. పొడవు ఎక్కువైందని వాటిని కత్తిరించవద్దు, చుట్టగా చుట్టి ఉంచండి. ఈ మీటరుకు సెన్స్ ఫ్యూజు నిరోధం కూడా లెక్కకు వస్తుంది.

లోడు ఆపాక కూడా అంకె సున్నాకు రాకుండా మెల్లగా దిగుతోంది. రాగి, మాంగనిన్ కలిసే చోట, రెండు చివర్ల వేడిలో తేడా ఉంటే, ఒక్కో డిగ్రీకి ఒక మైక్రోవోల్టు స్థాయిలో వోల్టేజి పుడుతుంది. తేడా 5 డిగ్రీలైతే 5 మైక్రోవోల్టులు, అంటే సుమారు 7 మిల్లీఆంపియర్లు. 40 ఆంపియర్ల దగ్గర అది కనబడదు. కానీ సాయంత్రం పూట సోలార్ నుంచి వచ్చే 0.2 ఆంపియర్లను కొలుస్తుంటే 3 శాతానికి పైగా తప్పు. అందుకే ఒక చివర చెడ్డ అతుకు వేడెక్కనివ్వకూడదని ఐదో భాగంలో చెప్పాను. రెండు చివరలకూ ఒకే పరిమాణం కేబుల్ వాడితే వేడి రెండు వైపులా సమంగా పోతుంది.

అంకె ఎగిరిపడుతోంది. సెన్స్ తీగలు మెలిపెట్టలేదు, లేదా సగటు చాలలేదు. అది కూడా కాకపోతే చిన్న స్క్రూ వదులుగా ఉంది.

## 10. సర్క్యూట్ బోర్డు మీది చిన్న షంట్‌కు ఇదే పద్ధతి

రెండే చివరలున్న 1 మిల్లీఓము చిప్ నిరోధాన్ని బోర్డు మీద వాడేవారు సెన్స్ గీతలను ప్యాడ్ల లోపలి అంచుల నుంచి, అంటే నిరోధం కిందుగా, తీయాలి. మామూలు బోర్డు రాగి పొర మీద ఒక చదరానికి, అంటే గీత వెడల్పు ఎంతో అంత పొడవుకు, సుమారు 0.5 మిల్లీఓము నిరోధం ఉంటుంది. కరెంటు పారే వెడల్పు గీత మీద ఒక్క చదరం పొడవు అవతల నుంచి సెన్స్ గీత తీస్తే, 1 మిల్లీఓము కాస్తా 1.5 అవుతుంది. ప్యాడ్ మీది టంకం ఎంత మందంగా ఉందన్నది కూడా కొంత కలుస్తుంది కాబట్టి, ఒక శాతం కన్నా మెరుగైన కొలత కావాలంటే నాలుగు చివరలున్న చిప్ నిరోధమే కొనాలి.

## 11. అప్పగించే ముందు జాబితా

- లగ్గు నేరుగా ఇత్తడి మీద, వాషర్లు దాని పైన ఉన్నాయి
- బ్యాటరీ ధ్రువం మీద షంట్ కేబుల్ తప్ప ఇంకో తీగ లేదు
- చిన్న స్క్రూల కింద సెన్స్ తీగ ఒక్కటే ఉంది
- రెండు సెన్స్ తీగల్లోనూ ఒకే రకం ఫ్యూజు ఉంది, తీగలు మెలిపెట్టి ఉన్నాయి
- మాడ్యూల్ మీది R100 తీసేశాం
- రెండు సెన్స్ తీగలు ఒకే స్క్రూ మీద ఉన్నప్పుడు మీటరు సున్నా చూపింది
- స్క్రూల దగ్గర, మీటరు దగ్గర మిల్లీవోల్టులు ఒకటే
- ఒక్కో అతుకు మీద పడిన మిల్లీవోల్టులను, ఆ సమయంలోని ఆంపియర్లను తేదీతో షంట్ పక్కన చీటీ మీద రాసి అతికించాం

అరగంట పూర్తి లోడు నడిపి, ఆపి, చల్లారాక పెద్ద బోల్టులను ఇంకోసారి బిగించండి. మొదటి వేడికి అతుకు కొంత సర్దుకుంటుంది. నెల తర్వాత అదే లోడు పెట్టి, చీటీ మీది అతుకుల అంకెలతో పోల్చండి. ఒక అతుకు మీద మిల్లీవోల్టులు రెట్టింపు అయితే, ఆంపియర్ల కొలత ఇంకా సరిగ్గానే ఉన్నా, ఆ బోల్టును విప్పి శుభ్రం చేయవలసిన వేళ అయినట్టే.